ఆయన నవ్వాడు, హాలు మాత్రం మూగబోయింది: క్రౌడ్ వర్క్‌లో నేను ఎక్కడ తప్పాను?

కొత్తమైకు

అందరికీ నమస్కారం. ఎనిమిది నెలలుగా స్టాండప్ కామెడీ ఓపెన్ మైక్‌లు చేస్తున్నాను. రాసుకున్న ఏడు నిమిషాల సెట్ ఇప్పుడు ఫర్వాలేదు, ఎక్కడ నవ్వొస్తుందో ముందే తెలుస్తోంది. క్రౌడ్ వర్క్, అంటే ప్రేక్షకులతో నేరుగా మాట్లాడటం మొదలుపెట్టాకే టెన్షన్ పట్టుకుంది. పోయిన వారం జరిగింది జరిగినట్టు చెప్తాను, మీరే చూడండి.

చిన్న హాలు, ఒక నలభై మంది ఉంటారు. రెండో వరసలో ఒకాయన, పక్కన ఒకావిడ. నా మొదటి రెండు జోకులకీ ఆయన బాగా నవ్వాడు, అందుకే ఆయన్ని ఎంచుకున్నాను.

నేను: "సార్, మీరేం చేస్తుంటారు?"
ఆయన: "అంటే... ప్రస్తుతానికి ఏమీ లేదు."
నేను: "ఓహో, అయితే ఇవాళ్టి టికెట్ మేడమ్ గారి ఖాతాలోనా?"

అర సెకను నవ్వొచ్చింది. వెంటనే వెనకనుంచి "అయ్యో" అని సన్నగా ఎవరో అన్నారు. ఆయన కూడా నవ్వాడు. కానీ ఆ తర్వాత తల దించుకుని ఫోన్ తీశాడు. ఆన్ కూడా చెయ్యలేదు, ఊరికే చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. ఆవిడ ఆయన మోచేతి మీద చెయ్యి వేసింది. నాకు కంగారు పుట్టి "సరదాకి అన్నాను సార్, ఏమనుకోకండి" అన్నాను. కాసేపాగి మళ్ళీ అదే మాట అన్నాను. ఇక మిగిలిన మూడు నిమిషాల్లో ఒక్క జోకూ పండలేదు.

ఆటపట్టించడం లేకుండా క్రౌడ్ వర్క్ లేదు కదా. మరీ తేనె పూసినట్టు మాట్లాడితే నవ్వెక్కడిది? మనిషి నొచ్చుకోకుండా ఆటపట్టించడం ఎలా? జోకే తప్పా, లేక దానికి ముందే ఏదో తప్పిందా?

రాత్రిషో

బ్రో, అస్సలు తగ్గకూడదు. నా షోలో ఒకడు ప్రతి జోక్ మధ్యలోనూ అరుస్తూనే ఉన్నాడు. మూడుసార్లు ఊరుకున్నాను. నాలుగోసారి వాడి నోరు మూతపడేలా ఒక్కటిచ్చాను, హాలంతా చప్పట్లు. ప్రేక్షకుడికి ఒకసారి భయపడ్డామంటే స్టేజ్ పోయినట్టే.

నిలకడ

@రాత్రిషో అది వేరే సంగతి. మీవాడు తనంతట తాను గొడవకి దిగాడు, హాలు అప్పటికే మీ వైపుంది. ఇక్కడ ఆయన నోరెత్తలేదు. బుద్ధిగా కూర్చున్న మనిషిని మనమే కదిలించాం, ఆయన మర్యాదగా జవాబిచ్చాడు. అరిచేవాడికి ఇచ్చే జవాబు ఈయనకిస్తే హాలు మన మీద తిరగబడుతుంది. కొత్తమైకుకి జరిగింది దాదాపు అదే.

టైమింగ్‌బాబు

నా పద్ధతి చెప్తాను, ఇంతవరకూ నన్ను ముంచలేదు. ముందు మనల్ని మనం ఏకాలి. నా బట్టతల మీద రెండు, నా లావు మీద రెండు వేస్తాను. అక్కడితో లెక్క సరి. ఇక ఎవర్నేమన్నా చెల్లుతుంది, ఎందుకంటే "వీడు తనని తానే వదల్లేదు, మనల్ని వదుల్తాడా" అని జనం అనుకుంటారు. కొత్తమైకు ఆ పని చెయ్యలేదు కాబట్టే బెడిసికొట్టింది.

ఇంకో మాట. అమెరికన్ కమెడియన్ డాన్ రికిల్స్ దశాబ్దాలపాటు ముందు వరసలో ఉన్నవాళ్ళని ఒక్కొక్కర్నీ పట్టుకుని ఉతికి ఆరేశాడు. వయసు, ఒళ్ళు, పుట్టుక, దేన్నీ వదల్లేదు. జనం ఏరికోరి వెళ్ళి ముందు వరసలో కూర్చునేవాళ్ళు. మరి దానికేమంటారు?

పాతహోస్టు

@కొత్తమైకు తమ్ముడూ, పదకొండేళ్ళుగా హోస్టింగ్ చేస్తున్నాను. నా పనిలో సగం ఇదే, కమెడియన్ రాకముందు హాలుతో మాట్లాడి వేడెక్కించడం. నువ్వు చెప్పిన ఆ మూడు లైన్లే చూద్దాం, చాలు.

నీ ప్రశ్నలో తప్పు లేదు. ఆయన జవాబులోనే నీకు సూచన అందింది, నువ్వు దాన్ని దాటేశావు. "అంటే..." అని ఆగాడు, ఆ పైన "ప్రస్తుతానికి" అన్నాడు. ఉద్యోగం అక్కర్లేక మానేసినవాడు "మానేశాను" అంటాడు, కాస్త గర్వంగానే అంటాడు. రిటైరైనవాడు "రిటైరయ్యాను" అంటాడు. "ప్రస్తుతానికి" అని అడ్డం పెట్టుకున్నాడంటే అవతల ఏదో కాపాడుకుంటున్నాడని అర్థం. నువ్వు పంచ్ వెతుక్కోవడంలో పడి ఆ మాట వినలేదు. కొత్తలో అందరికీ ఇంతే. అవతలివాళ్ళు నోరు తెరిచేసరికే మన బుర్రలో జోక్ తయారైపోతుంటుంది, ఇక చెవులు పనిచెయ్యవు.

నేను చూసుకునే కొలత ఒకటుంది. నేను ముట్టుకోబోయేది ఆయన ఎంచుకున్నదా, ఆయన మీద వచ్చి పడిందా? చిలకపచ్చ చొక్కా ఎంచుకున్నాడు. షో మొదలయ్యాక ఇరవై నిమిషాలకి వచ్చి అందరి కాళ్ళూ తొక్కుకుంటూ ముందు వరసకి వెళ్ళడం ఎంచుకున్నాడు. వాటి మీద ఎంతైనా ఆడుకోవచ్చు, ఆయనే ముందు నవ్వుతాడు. ఉద్యోగం పోవడం ఎంచుకున్నది కాదు. పైగా నువ్వు అక్కడితో ఆగలేదు, "టికెట్ ఎవరు కొన్నారు" అని ఆవిడ ముందు ఆయన్ని ఇంకో మెట్టు దించావు. ఇంట్లో వాళ్ళిద్దరి మధ్యా ఇప్పటికే ఆ మాట నలుగుతుంటే? నలభై మంది ముందు దాన్ని తవ్వినట్టే కదా.

అదే జవాబు నాకొస్తే ఏం చేస్తానో చెప్తాను. ఆయన మీదనుంచి చూపు తీసేసి హాలు వైపు తిరుగుతాను. "రేపు పొద్దున ఆరింటికి అలారం పెట్టుకున్నవాళ్ళు చేతులెత్తండి" అంటాను. ముప్పై చేతులు లేస్తాయి. అప్పుడు ఆయనతో, "సార్, ఒక్కసారి వెనక్కి తిరిగి చూడండి. ఇంతమంది మీ ముందు చేతులెత్తేశారు."

చూడు, ఇదీ ఆటపట్టించడమే, ఖాళీగా ఉండటం మీదే జోక్. కానీ దెబ్బ తగిలింది మిగతా ముప్పై మందికి, ముప్పై మంది పంచుకుంటే అది ఎవరికీ తగలదు. ఆయన మాత్రం గెలిచినవాడిలా కూర్చుంటాడు. అక్కడ ఆయన పేరడిగి, చప్పట్లు కొట్టించి వదిలేస్తాను. ఆ సాయంత్రం ఆయన ఉద్యోగం మాట మళ్ళీ ఎత్తను, ఎంత మంచి జోక్ తట్టినా సరే.

@టైమింగ్‌బాబు మీరన్నదాంట్లో సగం నిజం. మనల్ని మనం ముందు ఏకితే హాలు మెత్తబడుతుంది, నేనూ అదే చేస్తాను. కానీ లెక్క సరి కాదు. మీ బట్టతల మీద మీరే టైమ్ చూసుకుని, మీరే మాటలు ఎంచుకుని జోక్ వేస్తారు. ఆయనకి ఆ వీలు లేదు. మైకు మీ చేతిలో, లైటు మీ చేతిలో. మీ బట్టతల మీద జోక్ వేసుకుంటే ఆయన బట్టతల మీద హక్కు రాదు. ఇక రికిల్స్ సంగతి. ఆయన షోకి టికెట్ కొన్నవాళ్ళు తిట్టించుకోవడానికే కొన్నారు. తిట్టకపోతే డబ్బులు వెనక్కి అడిగేవాళ్ళేమో. షో చివర్లో ఆయన ఆటంతా పక్కనపెట్టి మనస్ఫూర్తిగా నాలుగు మంచి మాటలు చెప్పి పంపేవాడు. ఓపెన్ మైక్‌కి వచ్చినవాడికి మీ పేరు కూడా తెలీదు, స్నేహితుడు లాక్కొస్తే వచ్చాడు. రెండూ ఒకటెలా అవుతాయి?

మూడోసీటు

నేను కమెడియన్‌ని కాను. షోలు చూస్తాను, ఎప్పుడూ ముందు వరసే కొనేదాన్ని. ఇప్పుడు కొనడం లేదు. ఎందుకో చెప్తాను, మీకు పనికొస్తుందేమో.

రెండేళ్ళ క్రితం నాకు ముఖంలో ఒక పక్క నరం దెబ్బతింది. ఎడమ వైపు కదిలేది కాదు. నెమ్మదిగా తగ్గుతుందన్నారు. మూడు వారాలు ఇంట్లోనే ఉండి, విసుగొచ్చి, అక్కతో కలిసి షోకి వెళ్ళాను. ఆ రోజు నిజంగా బాగా నవ్వుకుంటున్నాను. స్టేజ్ మీద ఉన్నతను నన్ను చూసి, "ఏంటండీ మేడమ్, సగమే నవ్వుతున్నారు? టికెట్ కూడా సగమే కట్టారా?" అన్నాడు.

హాలంతా నవ్వింది. వాళ్ళకి తెలీదు కదా. అతనికీ తెలీదు. మా అక్క లేచి ఏదో అనబోతుంటే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. ఆ తర్వాత నలభై నిమిషాలూ నేను ముఖానికి చెయ్యి అడ్డం పెట్టుకునే ఉన్నాను.

అతనికి మా అక్క ముఖం చూసి అర్థమైనట్టుంది. ఇంకో పది నిమిషాలకి మళ్ళీ నా వైపు తిరిగి "మేడమ్, ఇందాక ఏమైనా తప్పు మాట్లాడానా? సారీ, నిజంగా సారీ" అన్నాడు. అది ఇంకా కష్టంగా అనిపించింది. మళ్ళీ అందరూ నన్నే చూశారు. ఈసారి నవ్వు కూడా లేదు, జాలి. నాకు ఆ సారీ వద్దు, అతను వేరేవాళ్ళతో మాట్లాడుకుంటే చాలనిపించింది.

కొత్తమైకు

@మూడోసీటు మేడమ్, చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. నేనూ "నవ్వడం లేదేంటి" అని చాలామందిని అడిగాను. ఇక అడగను.

పాతహోస్టు

@మూడోసీటు అమ్మా, చెప్పినందుకు థాంక్స్. మేము కొత్తవాళ్ళకి ఎంత చెప్పినా ఎక్కని విషయం మీ నాలుగు లైన్లలో ఉంది. స్టేజ్ మీదనుంచి ముఖం కనిపిస్తుంది, కారణం కనిపించదు. ముఖం, ఒళ్ళు, నడక, మాట తడబడటం, వీటి జోలికి అందుకే వెళ్ళకూడదు. కడుపు చూసి "ఎన్నో నెల" అని అడిగినవాణ్ణి నేను కళ్ళారా చూశాను. ఆ హాలు మళ్ళీ లేవలేదు.

నవ్వని మనిషి గురించి కూడా ఒక మాట. నవ్వనివాళ్ళంతా నొచ్చుకున్నవాళ్ళు కారు, కొందరు లోపలే నవ్వుతారు. నవ్వేవాళ్ళంతా హాయిగా ఉన్నవాళ్ళూ కారు. కొత్తమైకు చెప్పిన ఆయన నవ్వాడు, గుర్తుందా? నిజంగా నవ్వేవాడి ఒళ్ళు కదులుతుంది. వెనక్కి వాలతాడు, పక్కవాళ్ళ మీదకి ఒరుగుతాడు, ఆ తర్వాత తలెత్తి మళ్ళీ మన వైపు చూస్తాడు, ఇంకేమంటామోనని. పైపైన నవ్వేవాడికి పళ్ళే కనిపిస్తాయి. హాలు నవ్వు ఆగకముందే అతని నవ్వు ఆగిపోతుంది. చెయ్యి మెడ మీదకో ఫోన్ మీదకో పోతుంది. ఇవేవీ తేల్చుకోలేకపోతే పక్క సీటు చూడండి. పక్కనున్నవాళ్ళు ఆయన్ని చూస్తూ పగలబడి నవ్వుతుంటే ఏ ఇబ్బందీ లేదు. ముందు ఆయన ముఖంలోకి చూసి, ఆ తర్వాత నవ్వాలా వద్దా అని ఆలోచిస్తున్నారంటే అక్కడితో ఆపెయ్యండి. ఆయన సంగతి మనకంటే వాళ్ళకి బాగా తెలుసు.

చదువరి

నేను స్టేజ్ ఎక్కను, మనస్తత్వశాస్త్రం చదువుకున్నాను. కొత్తమైకు "సరదాకి అన్నాను" అనడం ఎందుకు పనిచెయ్యలేదో దాని మీద పరిశోధన ఉంది. జస్టిన్ క్రూగర్, మరో ఇద్దరు కలిసి 2006లో ప్రచురించారు. ఒకే సంఘటనని ఆటపట్టించినవాళ్ళూ, ఆ మాట పడ్డవాళ్ళూ వేరువేరుగా గుర్తుపెట్టుకుంటారని అందులో తేలింది. అన్నవాళ్ళకి తమ మనసులో ఉన్న సరదా తెలుసు కాబట్టి అది అవతలివాళ్ళకీ కనిపించిందనుకుంటారు. పడ్డవాళ్ళకి వినిపించేది మాటే.

డాకర్ కెల్ట్‌నర్, ఆయన సహచరులు 2001లో ఇంకో విషయం రాశారు. ఆటపట్టించడంలో రెండు భాగాలుంటాయట. ఒకటి రెచ్చగొట్టే మాట. రెండోది "ఇది ఆటే" అని చెప్పే సంకేతం. గొంతు మార్చడం, ముఖం పెట్టడం, నమ్మశక్యం కానంతగా పెంచి చెప్పడం, ఇవన్నీ రెండో భాగం కిందకొస్తాయి. నాకనిపించేదేంటంటే, "టికెట్ మేడమ్ గారి ఖాతాలోనా" అన్నదాంట్లో ఆ రెండో భాగం లేదు. అది నిజం కావచ్చు, అందుకే గుచ్చుకుంది.

పాతహోస్టు

@చదువరి గారూ, మీరు పుస్తకంలో చదివింది మేము దెబ్బలు తిని నేర్చుకున్నాం. నిజానికి దగ్గరగా ఉన్న జోక్ కోస్తుంది, ఆకాశంలో ఉన్నది కొయ్యదు. మామూలు కళ్ళజోడు పెట్టుకున్న మెత్తటి మనిషిని చూసి "సార్, మీరు జలాంతర్గామి నడుపుతారు కదా" అంటాను. కాదంటాడు. "చెప్పకూడదని రూలుంటుంది, నాకు తెలుసు" అని షో అంతా ఆయన్ని కెప్టెన్ అనే పిలుస్తాను. ఇక్కడ తప్పంతా నా ఊహది. ఆయన చెయ్యాల్సిందల్లా కెప్టెన్‌లా కూర్చోవడమే.

ఆస్ట్రేలియా కమెడియన్ బ్యారీ హంఫ్రీస్ డేమ్ ఎడ్నా అనే ఆడవేషంలో చేసింది చూసే ఉంటారు. ముందు వరస ఆడవాళ్ళ ఇంటి గురించీ, పడగ్గది గురించీ ఆరా తీసి తీసి ఆటపట్టించేవాడు. మాటలు మాత్రమే చదివితే చాలా ఘాటుగా ఉంటాయి. కానీ ఆ వేషమే తానంతటి గొప్పది లేదని విర్రవీగే మనిషి వేషం. జనం నవ్వేది ఆ విర్రవీగడానికి. చివర్లో అందరికీ గ్లాడియోలస్ పూలు విసిరి, వాటిని ఊపించేవాడు. ఆటపట్టించబడ్డవాళ్ళూ మిగతావాళ్ళూ ఒకటైపోయేవాళ్ళు.

వేషం లేని మనలాంటివాళ్ళకి ఒక వరస ఉంది. మొదటి మాట నా మీద. రెండోది నా ఊహ మీద. మూడోది ఆయన నోటితో చెప్పిన మాట మీద. ఆయన మీద సూటిగా వెయ్యాలంటే ఆయన ముందు నా మీద ఒకటి వెయ్యాలి. తిరిగి అన్నాడంటే ఆటలోకి దిగినట్టే. ప్రతి మెట్టు దగ్గరా ఒక సెకను ఆగి చూడాలి. కొత్తమైకు మొదటి మాటకే నాలుగో మెట్టు మీద కాలు పెట్టాడు.

టైమింగ్‌బాబు

మెట్లు, సెకన్లు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే స్పీడేదన్నా? క్రౌడ్ వర్క్‌కి ప్రాణం స్పీడే. మూడోసీటు గారికి జరిగింది విని బాధేసింది, ఒప్పుకుంటాను, ముఖం మీద ఇక వెయ్యను. కానీ సెల్ఫ్ రోస్ట్ తర్వాత హాలు నాకిచ్చే చనువు అబద్ధం కాదు, రోజూ చూస్తున్నాను.

నిలకడ

స్పీడ్ పోదు, @టైమింగ్‌బాబు. ఆయన జవాబుని మైకులో తిరిగి చెప్పండి, ఆ సెకను దొరుకుతుంది. వెనక వరసలకి ఆ జవాబు ఎలాగూ వినిపించి ఉండదు, కాబట్టి ఎవరికీ ఆగినట్టు తెలీదు. ఆ సెకనులో ఆయన ముఖం చూసుకోవచ్చు. ఒక్క జాగ్రత్త, జవాబు నెమ్మదిగా, దాచుకున్నట్టు వస్తే మాత్రం దాన్ని మైకులో చాటకూడదు.

నేను ఇంకో పని చేస్తాను, పాతహోస్టు అన్న ఒప్పుకోడు. షోకి ముందు పదిహేను నిమిషాలు హాల్లో తిరిగి ముందు రెండు వరసల వాళ్ళతో మాట్లాడతాను. "ఇవాళ నేను కొందరితో ఆడుకుంటాను, మీకు ఓకేనా? వద్దంటే మీ వైపే చూడను" అని అడుగుతాను. పదిమందిలో ఇద్దరు ముగ్గురు వద్దంటారు, అడిగినందుకు హాయిగా ఊపిరి పీల్చుకుంటారు. మూడోసీటు గారిని నేనలా అడిగి ఉంటే ఆవిడ వద్దనేవారు.

పాతహోస్టు

ఒప్పుకోనని కాదమ్మా. సరే అన్నవాళ్ళతో చిక్కు. వాళ్ళు ఆ పదిహేను నిమిషాలూ జవాబులు తయారు చేసుకుంటూ కూర్చుంటారు. స్టేజ్ మీదనుంచి అడిగితే నటిస్తారు, హాలు పసిగట్టేస్తుంది. నేను షో మొదట్లో అందరూ కలిసి జవాబు చెప్పే ప్రశ్న ఒకటి అడుగుతాను. మొదటిసారి వచ్చినవాళ్ళెవరు, చేతులెత్తండి, అంతే. చెయ్యి పైకెత్తి నా కళ్ళలోకి చూసేవాళ్ళుంటారు, భుజం దాకానే ఎత్తి దించేసేవాళ్ళుంటారు, చంక కింద చేతులు పెట్టుకుని నేలచూపులు చూసేవాళ్ళుంటారు. నాకు కావాల్సినవాళ్ళు మొదటి రకం.

నిలకడ

ఆడవాళ్ళు కళ్ళలోకి చూశారంటే ఆటకి ఒప్పుకున్నట్టే అని నేనైతే అనుకోను అన్నా. మర్యాదకి చూసి ఉండొచ్చు. అందుకే నోటితో అడుగుతాను. నటిస్తారన్నది నిజమే, నాకూ తగిలింది. ఆ నష్టం నాకు ఫర్వాలేదు.

కట్‌పాయింట్

ఎడిటింగ్ చేస్తాను, క్రౌడ్ వర్క్ రీల్స్ చాలా కట్ చేశాను. హాలు గురించే అందరూ మాట్లాడుతున్నారు, ఆ తర్వాత సంగతి ఎవరూ అనలేదు. నలభై మంది ముందు హాయిగా నవ్విన మనిషి లక్షలమంది ముందుకి వచ్చాక కూడా నవ్వుతాడని ఏమిటి? ఒక క్లిప్‌లో ఒకావిడ స్టేజ్ మీదనుంచి వచ్చిన ప్రతి మాటకీ చక్కగా తిరిగిచ్చింది, హాలంతా ఆవిడ పక్షమే. ఆన్‌లైన్‌లో కింద కామెంట్లన్నీ ఆవిడ గొంతు గురించి, ముక్కు గురించి. కమెడియన్ ఒక్క చెడ్డ మాట అనలేదు, అయినా ఆవిడకి జరగాల్సింది జరిగింది. మూడో రోజు తీసెయ్యమని అడిగింది. తీసేశాం, కానీ అప్పటికే ఎవరెవరో కాపీ చేసుకున్నారు.

తలుపు దగ్గర "ఈ షో రికార్డ్ అవుతుంది" అని బోర్డు పెడితే అనుమతి వచ్చేసినట్టు చాలామంది అనుకుంటారు. నేననుకోను. షో అయ్యాక మనిషిని పట్టుకుని, ఆ ముక్క ఫోన్‌లో చూపించి అడగాలి. కుదరకపోతే కెమెరా స్టేజ్ మీదే ఉండాలి, ప్రేక్షకుడి గొంతు మాత్రమే వినిపించాలి.

టైమింగ్‌బాబు

గొంతు మాత్రమే ఉన్న క్లిప్ ఎవరూ చూడరు బ్రో. అవతలి ముఖం కనిపిస్తేనే మజా. బోర్డు చదివి కూర్చున్నారంటే సరే అన్నట్టే కదా. కొత్త కమెడియన్‌కి హాలు నిండేదే రీల్స్ వల్ల.

కొత్తమైకు (పది రోజుల తర్వాత)

అన్నా, నిన్న మళ్ళీ ఎక్కాను. జరిగింది రాస్తున్నాను.

మొదట్లో చేతులెత్తించాను. ముందు వరసలో ఒకావిడ మోచెయ్యి నిటారుగా పెట్టి చెయ్యెత్తింది, నా వైపే చూస్తోంది. పక్కన స్నేహితురాలు.

నేను: "మేడమ్, ఏం చేస్తుంటారు?"
ఆవిడ: "లిఫ్టులు రిపేరు చేస్తాను."
నేను, మైకులో అందరికీ: "లిఫ్టులు రిపేరు చేస్తారట!"

ఆ సెకనులో చూశాను. గడ్డం పైకెత్తి కూర్చుంది, ఆ పని చెప్పుకోవడం ఆవిడకి ఇష్టం. అప్పుడు వేశాను, "అయితే మీ ఉద్యోగంలో ఎత్తుపల్లాలు మామూలే." నవ్వొచ్చింది, ఓ మోస్తరుగా. ఆవిడ ఆగలేదు. "పైకి మెట్లెక్కే వెళ్తామండీ. లిఫ్టు పాడైతేనే కదా మమ్మల్ని పిలిచేది" అంది.

హాలు దద్దరిల్లిపోయింది. నా సెట్ మొత్తంలో అంత నవ్వు రాలేదు. దాని మీద ఇంకోటి వెయ్యాలని నోటిదాకా వచ్చింది, కానీ మైకు కిందకి దించి ఒక అడుగు వెనక్కి వేశాను. ఆ నవ్వు పూర్తిగా ఆవిడకే వెళ్ళింది. పేరడిగి, చప్పట్లు కొట్టించి వదిలేశాను.

నాలుగు నిమిషాల తర్వాత నేను రాసుకున్న జోక్ ఒకటి పేలలేదు. అప్పుడు ఆవిడ వైపు తిరిగి, "మేడమ్, ఇది మధ్యలో ఆగిపోయింది, ఒకసారి చూస్తారా?" అన్నాను. ఆవిడ లేచి నిలబడి స్లీవ్స్ మడతపెట్టింది! మళ్ళీ పెద్ద నవ్వు.

అక్కడ ఆపేస్తే సరిపోయేది. చివర్లో మూడోసారి కూడా వెళ్ళాను. ఈసారి ఆవిడ చిన్నగా నవ్వి స్నేహితురాలి వైపు చూసింది, స్నేహితురాలు కళ్ళు దించుకుంది. ఇంకేమీ అనకుండా థాంక్స్ చెప్పి దిగిపోయాను.

షో అయ్యాక ఆవిడతో మాట్లాడాను. మొదటి రెండుసార్లూ చాలా సరదాగా అనిపించిందట. "మూడోసారి వచ్చేసరికి ఇక నా దగ్గర మాటల్లేవు, ఏం చెప్పాలా అని భయమేసింది" అంది. రికార్డింగ్ పెట్టుకోవచ్చా అంటే సరే అంది. స్నేహితురాలు అప్పటికే వెళ్ళిపోయింది, ఫ్రేమ్‌లో ఆ స్నేహితురాలి ముఖం కూడా ఉంది.

పాతహోస్టు

మూడోసారి వెళ్ళడం నేనూ చాలాకాలం మానలేకపోయాను. మొదటిసారి ఆవిడ తనకి తెలిసిన విషయం మీద మాట్లాడింది. రెండోసారి ఊరికే లేచి నిలబడితే సరిపోయింది. మూడోసారికి నువ్వు ఆవిడ్ని కమెడియన్‌ని చేసి కూర్చోబెట్టావు, అది ఆవిడ పని కాదు. మైకు దించావు చూడు, అది ఇంకో ఆరు నెలలు గుర్తుపెట్టుకుని చెయ్యాల్సి వస్తుంది. ఆ తర్వాత అలవాటవుతుంది.

కొత్తమైకు

ఇంకో సందేహం అన్నా. మొదటి రోజు ఆయన విషయంలో, నొచ్చుకున్నాడని తెలిసిపోయాక ఏం చెయ్యాల్సింది? మూడోసీటు గారు స్టేజ్ మీద సారీ వద్దంటున్నారు. అసలేమీ అనకుండా వదిలేస్తే హాలు నన్ను మూర్ఖుడనుకోదా?

పాతహోస్టు

ఒక్క ముక్క. "అది బాలేదు, నాదే తప్పు" అని హాలుతో అనేసి, వెంటనే ఇంకో మూలకి తిరిగి కొత్త మాట ఎత్తుకోవాలి. ఆయన వైపు చూడకూడదు. లైటు ఆయన మీదనుంచి పోవాలి. షో అయ్యాక తలుపు దగ్గర ఎవరూ లేనప్పుడు, ఆయనకి ఇష్టమైతే, అప్పుడు సారీ.

నిలకడ

నాకెందుకో అది చాలదనిపిస్తుంది. అన్నది అందరి ముందు, సారీ చాటుగానా? నన్నెవరైనా అలా అంటే అందరి ముందే వెనక్కి తీసుకోవాలని కోరుకుంటాను.

మూడోసీటు

@నిలకడ మీకలా ఉంటుందేమో. నాకైతే అక్కర్లేదు. అప్పుడు నా బాధంతా ఎవరూ నా వైపు చూడకుండా ఉంటే బావుణ్ణని. పాతహోస్టు గారన్నట్టు అతను "అది బాలేదు" అని పక్కకి తిరిగిపోయి ఉంటే, బహుశా నేను ముఖం మీదనుంచి చెయ్యి తీసేదాన్ని.

కట్‌పాయింట్

@కొత్తమైకు క్లిప్ గురించి. ఆ స్నేహితురాలు కళ్ళు దించుకున్న ముక్క కూడా అందులో ఉందా?

కొత్తమైకు

ఉంది. అది ఎలాగూ తీసేస్తాను. కానీ మొదటి రెండిట్లో కూడా ఆవిడ పక్కనే కనిపిస్తోంది, నవ్వుతూనే ఉంది.

టైమింగ్‌బాబు

నవ్వుతూ ఉంటే ఇంకేం, పెట్టెయ్.

కట్‌పాయింట్

నవ్వినంత మాత్రాన సరే అన్నట్టా? ఈ థ్రెడ్ మొదలైందే నవ్విన మనిషితో. లిఫ్ట్ మేడమ్ నంబర్ ఉంటే ఆ ముక్క పంపించు, స్నేహితురాలికి చూపించి అడగమను. జవాబు వచ్చేదాకా ఆగు. రాకపోతే ఆవిడ వైపు ఫ్రేమ్ కోసి ఇస్తాను, ఫైల్ పంపు.

కొత్తమైకు

పంపించాను. ఇంకా చూడలేదు. రాగానే ఇక్కడ చెప్తాను.